రెండు వందల గజాల ప్లాటులో ఎంత కట్టొచ్చు?

(ఇల్లు కట్టుకోబోయేవాళ్లు, మేస్త్రీలు, ప్లాన్లు గీసే పిల్లల కోసం నల్లగొండలో చేసిన ప్రసంగం ఇది. రానివాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. అమ్మా, ముందు వరుసలో జాగా ఉంది, వచ్చి కూర్చోండి. ఇవాళ లెక్కలు చెప్పాలె, వెనకకు వినపడకపోతే లాభం లేదు.

మొదట ఒక ప్రశ్న. మీ దగ్గర 200 గజాల ప్లాటుంది. రిజిస్ట్రేషన్ మీ పేరు మీద ఉంది, బాకీలు లేవు, తగాదాలు లేవు. అందులో ఎంత కట్టుకోవచ్చు? "మాది మేం కట్టుకుంటం, ఎవడు అడుగుతడు" అని ఒకాయన అంటున్నడు. అడుగుతరన్నా. అడిగే చోట్లు రెండు. ఒకటి, ఆ భూమిలో ఏం కట్టొచ్చు అన్నది. దాన్ని మాస్టర్ ప్లాన్‌లోని జోను చెప్తది. రెండోది, ఎంత కట్టొచ్చు అన్నది. దీన్ని బయట రాష్ట్రాలలో ఎఫ్‌ఎస్‌ఐ అంటరు. అంటే మీరు వేసిన అన్ని అంతస్తుల విస్తీర్ణం కలిపి, ప్లాటు విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె. 1,800 చదరపు అడుగుల ప్లాటులో మొత్తం 3,600 చదరపు అడుగులు కడితే ఎఫ్‌ఎస్‌ఐ 2 అయింది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

తమిళనాడులో మామూలు ఎత్తు బిల్డింగులకు ఈ అంకె 2 అని రూల్స్‌లోనే రాసి పెట్టుకున్నరు. మన దగ్గర రాయలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో 86 నంబరు జీవోతో హైదరాబాద్‌లో పద్ధతి మారింది. తర్వాత 2012 ఏప్రిల్‌లో 168 నంబరు జీవో వచ్చింది. ఇప్పటికీ మన బిల్డింగ్ రూల్స్‌కు అదే పునాది, మీద సవరణలు వస్తున్నయి. దాంట్ల ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి అని ఒక అంకె కనపడదు. అందుకే "తెలంగాణలో ఎఫ్‌ఎస్‌ఐ లేదు, ఎంతయినా లేపొచ్చు" అనే మాట పుట్టింది. ఈ మాటే సగం మందిని ముంచుతున్నది. అంకె రాయలేదు, నిజమే. కానీ ముందు ఎంత వదలాలె, పక్కల ఎంత వదలాలె, ఎంత ఎత్తు పోవాలె, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలె, ఇవన్నీ రాసిండ్రు. ఈ నాలుగూ కలిపి చూస్తే మీ ప్లాటుకు ఒక అంకె దానంతట అదే వస్తది. ఇవాళ ఆ అంకెను మనమే తీద్దాం.

దానికంటే ముందు జోను సంగతి రెండు ముక్కల్లో. మాస్టర్ ప్లాన్ పటం మీద పసుపు రంగు నివాసానికి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడి, ఆసుపత్రి, ఆఫీసుల వంటివాటికి వేస్తరు. ఆకుపచ్చ పార్కులకు, వ్యవసాయానికి వాడతరు. ఏ జోనులో ఏమేం ఒప్పుకుంటరో జాబితా ఉంటది. మీ సర్వే నంబరు ఏ రంగులో పడ్డదో పురపాలక కార్యాలయంలో, లేకుంటే పట్టణాభివృద్ధి సంస్థలో భూ వినియోగ ధ్రువపత్రం అడిగితే రాసి ఇస్తరు. పటం మీద వేలు పెట్టి చూపించే బ్రోకర్ మాట వద్దు. ఒకే సర్వే నంబరు సగం పసుపులో, సగం పచ్చలో పడ్డ సందర్భాలు మస్తున్నయి. సబ్ డివిజన్ నంబరుతో సహా రాసి అడగండి.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. నాలా కన్వర్షన్. "మా భూమి నాలా అయింది సార్, ఇంక ఇల్లు కట్టుకోవచ్చు" అంటరు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా రెవెన్యూ రికార్డుల్లో మార్చడం. రుసుం కట్టించుకుని రెవెన్యూ అధికారి ఇస్తడు. అది రెవెన్యూ వాళ్ల కాగితం. మాస్టర్ ప్లాన్ జోనును అది ముట్టుకోదు. పటంలో వ్యవసాయ జోను అని ఉన్న భూమికి నాలా అయినా, ప్లాను పెట్టగానే టౌన్ ప్లానింగ్ వాళ్లు తిప్పి పంపుతరు. జోను మారాలంటే భూ వినియోగ మార్పిడి అని వేరే దరఖాస్తు. అది సర్కారు దాకా పోవాలె, అభ్యంతరాలకు ప్రకటన ఇవ్వాలె, చార్జీలు కట్టాలె, ఆ తర్వాత జీవో రావాలె. అడిగినోళ్లందరికీ ఇచ్చేది కాదు అది. కొనేటప్పుడే "నాలా ఉందా" అని కాదు, "జోను ఏంది" అని ముందు అడగండి.

చెరువు సంగతి కూడా ఇక్కడే చెప్తా. మన వైపు ప్రతి ఊరికి ఒక కుంట, ఒక వాగు ఉన్నయి కదా. నిండుమట్టం లోపల కట్టడానికి లేదు, అది అందరికీ తెలుసు. తెలియనిదేందంటే నిండుమట్టం గీత బయట కూడా కొంత వదలాలె. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. వాగు, నీళ్లు పారే నాలా, కాలువ 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, తక్కువుంటే 2 మీటర్లు. ఎండాకాలంల చూసి "నీళ్లు ఎక్కడో ఉన్నయి" అనుకుని కొంటరు. గీతను ఎండాకాలం నీళ్లను చూసి గీయరు. చెరువు నిండితే నీళ్లు ఏడి దాకా వస్తయో అక్కడ గీస్తరు.

సరే, జోను నివాసమే, చెరువు దగ్గర లేదు, లేఅవుటు అనుమతి ఉన్నది. ఇప్పుడు అసలు లెక్క చేద్దాం. కాగితం, పెన్నూ ఉన్నోళ్లు తీయండి.

ప్లాటు 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. రూల్స్ గజాల్లో మాట్లాడవు, మీటర్లలో మాట్లాడతయి. గజాన్ని 0.836తో గుణించండి, 167 చదరపు మీటర్లు వచ్చింది. పట్టికలో ఇది 100 నుంచి 200 చదరపు మీటర్ల వరుసలో పడతది. ఆ వరుసలో 10 మీటర్ల ఎత్తు వరకు ఒప్పుకుంటరు, అంటే గ్రౌండు మీద రెండు అంతస్తులు. రోడ్డు 12 మీటర్లలోపే అయితే ముందు ఒకటిన్నర మీటరు వదలాలె. మిగిలిన మూడు వైపులా ఒక్కొక్క మీటరు.

వెడల్పు 36 అడుగులంటే 10.97 మీటర్లు. రెండు పక్కలా ఒక్కో మీటరు తీసేస్తే 8.97 మిగిలింది. పొడవు 50 అడుగులంటే 15.24. ముందు 1.5, వెనక 1 తీసేస్తే 12.74. రెంటినీ గుణిస్తే 114 చదరపు మీటర్లు, అంటే 1,230 చదరపు అడుగులు. ఇది ఒక్క అంతస్తు. మూడు అంతస్తులు కలిపి 3,690. దాన్ని 1,800తో భాగించండి. 2.05. చూసిండ్రా? రూల్స్‌లో ఎక్కడా రాయని ఎఫ్‌ఎస్‌ఐ వచ్చింది. తమిళనాడులో రాసి పెట్టుకున్న అంకెకు దగ్గర్లనే ఉన్నది. "లేదు" అన్న ఎఫ్‌ఎస్‌ఐ ఇంతే ఉన్నది.

హైదరాబాద్‌లో పడమర దిక్కు నలభై అంతస్తులు ఎట్ల లేస్తున్నయి మరి, అని అడుగుతరు. అక్కడ ప్లాటు ఎకరాల్లో ఉంటది, రోడ్డు వంద అడుగులు, అంతకంటే ఎక్కువ ఉంటది. పక్కల వదిలేది కూడా మన ప్లాటు వెడల్పంత ఉంటది. 18 మీటర్లు దాటిన బిల్డింగుకు కనీసం 2,000 చదరపు మీటర్ల ప్లాటు కావాలె, రోడ్డు 12 మీటర్లకు తక్కువ ఉండొద్దు. ఎత్తు పెరిగిన కొద్దీ ఈ కొలతలు కూడా పెరుగుతయి. 200 గజాల మీద ఆ మాట మాట్లాడుకుని లాభం లేదు.

ఇప్పుడు తమాషా చూడండి. పక్క వీధిలో 36కు 60 ప్లాటు, 240 గజాలు. 40 గజాలు ఎక్కువ, డబ్బులూ ఎక్కువే పెట్టి కొన్నరు. ఎంత ఎక్కువ కట్టుకోవచ్చు? 240 గజాలంటే 200.67 చదరపు మీటర్లు. 200 దాటింది! ముప్పావు మీటరు కూడా కాదు దాటింది, అయినా పట్టికలో కింది వరుసకు పోయింది. ఆ వరుసలో ఇదే రోడ్డుకు ముందు 2 మీటర్లు. ఎత్తు 10 మీటర్లకు పోతే మిగిలిన వైపులా ఒకటిన్నర చొప్పున. లెక్క చేద్దాం. వెడల్పులో 3 మీటర్లు పోతే 7.97. పొడవు 18.29లో మూడున్నర పోతే 14.79. గుణిస్తే 118 చదరపు మీటర్లు, 1,269 చదరపు అడుగులు. 200 గజాల వాళ్లకు 1,230 వచ్చింది. 40 గజాలు ఎక్కువ కొంటే అంతస్తుకు 39 చదరపు అడుగులు కలిసినయి. ఒక బాత్రూం అంత.

అయితే ఒక మంచి కూడా ఉన్నది. ఈ వరుస నుంచి పార్కింగుకు స్టిల్టు ఉన్నది. స్టిల్టు ఎత్తును బిల్డింగు ఎత్తులో లెక్క కట్టరు. అంటే కింద బండ్లు పెట్టుకుని, పైన మూడు అంతస్తులు ఉండొచ్చు. అద్దెకిచ్చే ఆలోచన ఉన్నోళ్లకు ఇది పనికొస్తది. అద్దెలు వద్దు, మా కుటుంబానికి రెండంతస్తులు చాలు అనుకుంటే ఇంకో దారి ఉన్నది. ఎత్తు 7 మీటర్లకే ఆపితే పక్కల, వెనక ఒక్క మీటరే వదిలితే సరిపోతది. అప్పుడు అంతస్తుకు 1,476 చదరపు అడుగులు వస్తది, గదులు విశాలంగా వస్తయి. మూడో అంతస్తు వదులుకుంటే ప్రతి అంతస్తుకు 207 అడుగులు తిరిగొచ్చినట్టు. ఎట్ల కట్టాలె అనేది ఇంటివాళ్లు కూర్చుని ముందు తేల్చుకోవాలె. పునాది తీసినాక మార్చడానికి లేదు. "ఇప్పుడు రెండంతస్తులు, పిల్లలు పెద్దయినాక ఇంకోటి" అంటరు. ఒక మీటరు వదిలి కట్టినోళ్లకు ఆ ఇంకోటి రాదు. మూడోది వేస్తే పక్కల ఒకటిన్నర కావాలె, కట్టిన గోడలు అర మీటరు లోపలికి జరగవు కదా.

ఇంక రోడ్డు. అసలు కోత ఇక్కడే ఉన్నది. మొదటి ప్లాటుకే వద్దాం, 36కు 50. దాని ముందు ఇవాళ 20 అడుగుల వీధి ఉన్నది అనుకుందాం. మాస్టర్ ప్లాన్‌లో అదే వీధికి 40 అడుగులు అని గీసిండ్రు. 20 అడుగులు కొరత. ఆ కొరత రెండు వైపుల ఇళ్లూ సగం సగం పంచుకోవాలె, మీ వంతు 10 అడుగులు. ప్లాన్ ఇచ్చేటప్పుడే ఆ 10 అడుగులు రోడ్డుకు వదిలినట్టు చూపించాలె. మీ సెట్‌బ్యాకు, అంటే ఖాళీగ వదిలే జాగా, ఆ కొత్త గీత దగ్గర మొదలవుతది. ఇప్పటి వీధి అంచు నుంచి కాదు, మళ్లీ చెప్తున్నా, కొత్త గీత నుంచి.

లెక్క ఏమైంది? పొడవు 50 అడుగుల నుంచి 40కి పడ్డది. 200 గజాల దస్తావేజు మీద నికరం 160 గజాలు. 40 అడుగులంటే 12.19 మీటర్లు, రెండున్నర పోతే 9.69. ఇంటూ 8.97. 87 చదరపు మీటర్లు, 936 చదరపు అడుగులు. మూడు అంతస్తులకు 2,807. ఇందాక 3,690. దాదాపు 880 చదరపు అడుగులు గీత మీద పోయింది, అంటే ఒక మంచి రెండు బెడ్రూముల ఇల్లు. దీనికి బదులు ఇంకోచోట అదనంగ కట్టుకునే హక్కిచ్చే టీడీఆర్ పత్రం, లేకుంటే సెట్‌బ్యాకుల్లో సడలింపు అడిగే అవకాశం రూల్స్‌లో ఉన్నది. కానీ వదిలిన జాగాను పురపాలికకు రాసిస్తేనే అది. వదలక ముందు అడిగితే ఎవరూ ఇవ్వరు, వదిలి ఊరుకుంటే కూడా ఎవరూ పిలిచి ఇవ్వరు.

కొలత ఎక్కడి నుంచి తీస్తరో చూసుకోండి. వీధి మధ్య గీత నుంచి తీయాలె. మేస్త్రీలు ఏం చేస్తరంటే మోరీ అంచు నుంచి టేపు పట్టి "పది అడుగులు వదిలినం" అంటరు. ఎదురింటాయన మెట్లు, అరుగు రోడ్డు మీదికి తెచ్చి కట్టుకున్నడు అనుకోండి, ఇప్పటి తారు రోడ్డు మధ్య అసలు మధ్య కాదు, మీ దిక్కు జరిగి ఉంటది. అక్కడి నుంచి కొలిస్తే ఎదురింటాయన ఆక్రమించింది కూడా మీ ఖాతాల పడతది. లేఅవుటు కాపీలో రోడ్డు మధ్య ఎక్కడుందో చూసి, రెండు మూలల ప్లాటు రాళ్ల నుంచి లెక్కగట్టి, ఆ తర్వాతే గీత వేయించండి.

ఇప్పుడు మేస్త్రీలకు. మీకు ఒక విషయం గట్టిగ చెప్పాలె. పక్కల ఒక మీటరు అన్నప్పుడు మీలో చాలామంది మూడు అడుగులు వదులుతరు. మీటరంటే మూడడుగుల మూడంగుళాలకు పైన. మూడడుగులంటే 91 సెంటీమీటర్లు. రూల్స్ ప్రకారం ముందు వైపు కాకుండా, మిగిలిన వైపుల సెట్‌బ్యాకులో 10 శాతం వరకు తప్పుంటే జరిమానా కట్టించుకుని ఒప్పుకునే అధికారం అధికారులకు ఉన్నది. ఆ జరిమానా, తప్పు జరిగిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువ ఎంతో అంత. మీటరులో 10 శాతం అంటే 10 సెంటీమీటర్లు, అంటే 90 వరకు సరే. మీరు వదిలిన 91 ఇంకా ఒడ్డునే ఉన్నది. కానీ ఆ కొలత ఇటుక గోడకు. బయట ప్లాస్టరింగ్ రెండు పొరలు కొట్టిండ్రు, 2 సెంటీమీటర్లు పోయినయి. 89 అయింది! ఇంక జరిమానాతో పోయేది కాదు. ఒక్క ప్లాస్టరింగు మందంతో మొత్తం మారింది. ఇటుక గోడకు మీటరు మీద రెండంగుళాలు ఎక్కువ వదిలితే ఈ తలనొప్పే లేదు.

ముందు వైపు అయితే ఆ 10 శాతం కూడా లేదు. అనుమతి లేని అంతస్తుకు కూడా లేదు. "ఫైను కడితే అయిపోతది" అనే మాట రెండు చోట్లా పనిచేయదు. కిటికీ మీద సజ్జ అరవై సెంటీమీటర్ల వరకు సెట్‌బ్యాకులోకి రావొచ్చు. బయట మెట్లు రాకూడదు, బాత్రూం రాకూడదు. మన ఇళ్లల్ల ఎక్కువగ కనపడే తప్పు బయట మెట్లే. ప్లానులో లోపల చూపించి, కట్టేటప్పుడు అద్దెకు విడిగా దారి కావాలని పక్క సందులో పెడతరు. పోయి చూస్తే సందులో మనిషి అడ్డంగ నడవాలె.

"ఎవరొచ్చి కొలుస్తరు సార్, ఇప్పుడంతా ఆన్‌లైనే కదా" అని ఎవరో అన్నరు. 2020 టీఎస్ బీపాస్ చట్టం వచ్చినాక పద్ధతి మారింది, నిజమే. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న నివాస గృహానికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తది. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతది. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే ఏంది? రోడ్డు ఇంత, ప్లాటు ఇంత, జోను ఇది అని మీరే రాసి సంతకం పెట్టిండ్రు. 20 అడుగుల వీధిని 30 అని రాసినా కంప్యూటరు అనుమతి ఇస్తది. తర్వాత అధికారి వచ్చి టేపు పట్టుకుంటే ఆ అనుమతి రద్దవుతది. తప్పుడు వివరంతో కట్టిన దాన్ని నోటీసు ఇవ్వకుండా కూల్చే అధికారం కూడా చట్టంలో ఉన్నది. ముందు ఆఫీసరు కొర్రీ పెడితే విసుక్కునేటోళ్లం. ఇప్పుడు కొర్రీ ఇల్లు లేచినాక వస్తున్నది, ఏది మేలో మీరే చెప్పండి.

ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, నల్లా కనెక్షను ఉన్నయి కాబట్టి ఇల్లు సక్రమం అని కూడా అనుకోకండి. పన్ను అక్రమ కట్టడానికి కూడా వేస్తరు, కట్టించుకుంటరు. క్రమబద్ధీకరణ పథకం మళ్లీ రాదా అని ఎదురుచూసేటోళ్లు చాలామంది ఉన్నరు. పోయినసారి వచ్చిన దానికి 2015 అక్టోబరు 28 లోపు కట్టినవే అర్హం. ఆ తర్వాత వేసిన స్లాబులకు అందులో చోటు లేదు.

ఇంక చాలు, ప్రశ్నలు తీసుకుంటా. ప్లాటు గురించి అడిగేవాళ్లు మూడు చెప్పాలె: ప్లాటు కొలతలు అడుగుల్లో, ముందున్న వీధి ఇవాళ ఎంత ఉందో, మాస్టర్ ప్లాన్‌లో ఎంత చూపించిండ్రో. మూడోది తెలియనోళ్లు రేపు పొద్దున టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పోయి రాయించుకుని రండి, ఆ తర్వాతే లెక్క చేద్దాం. ఆ వెనక చెయ్యెత్తిన అన్న, మీది ఎన్ని అడుగుల వీధి?